వచ్చే సంక్రాంతి దాకా నిలిచే లినక్స్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. 2016లోనో 2017లోనో కొన్న ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కడం కష్టం. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందు వచ్చిన ప్రాసెసర్లను, ఒకటి రెండు తప్పిస్తే, మైక్రోసాఫ్ట్ తన జాబితాలో చేర్చలేదు. యంత్రం మాత్రం శుభ్రంగా పనిచేస్తుంటుంది. అప్పుడు ఇంట్లో కంప్యూటర్ తెలిసిన కుర్రాడెవడో ‘లినక్స్ వేసేద్దాం’ అంటాడు. ఏ లినక్స్ అనే దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది.

లినక్స్ పేరుతో ఒకే సరుకు దొరకదు. కెర్నెల్ అనే మూల భాగానికి తెర మీద కనిపించే డెస్క్‌టాప్‌ని, బ్రౌజర్‌ని, మిగతా ప్రోగ్రాములని జోడించి, వాటన్నిటికీ అప్‌డేట్లు పంపే బాధ్యత తీసుకున్నదే డిస్ట్రో. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, ఆర్చ్ అలాంటివే. కొత్తవాళ్లు వీటిని తెర బొమ్మలు చూసి ఎంచుకుంటారు. నన్నడిగితే బొమ్మ కంటే ముందు చూడాల్సింది తేదీ: ఈ విడుదలకి భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి?

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఊళ్లో ఉండే రిటైర్డ్ టీచరు ఒకాయన. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. యూట్యూబ్, బ్యాంకు పని, మనవల ఫొటోలు, అప్పుడప్పుడూ తెలుగులో ఉత్తరం టైపు చేయడం ఆయన అవసరాలు. దాన్ని సరిచేసే తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి ఊరొస్తాడు. 2026 సంక్రాంతికి వచ్చి, ఉన్నవాటిలో సరికొత్తదే మంచిదనుకుని ఉబుంటు 25.10 వేశాడనుకోండి. ఆ అంకెలు 2025 అక్టోబరు విడుదల అని చెబుతాయి. ఇలా మధ్యమధ్యలో వచ్చే ఉబుంటులకి మద్దతు తొమ్మిది నెలలే, అంటే దీనికి జులై దాకానే. కుర్రాడు మళ్లీ ఊరొచ్చేసరికి ఆరు నెలలుగా ఆ ల్యాప్‌టాప్‌కి భద్రతా అప్‌డేట్లు లేవు. బ్యాంకు పని మాత్రం దాంట్లోనే సాగుతూ ఉంటుంది.

అదే ఉబుంటులో సరిసంఖ్య సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే విడుదలలకి ఎల్‌టీఎస్ అని పేరు, అంటే దీర్ఘకాల మద్దతు ఉన్నవి. 24.04 అలాంటిదే, 2029 దాకా అయిదేళ్ల మద్దతు. ఉబుంటు ప్రో అనే ఖాతా తెరిస్తే పదేళ్లకి పెరుగుతుంది; సొంత వాడకానికి అయిదు యంత్రాల దాకా ఉచితం. ఇంకో మెలిక ఉంది. కుబుంటు, జుబుంటు లాంటి ఉబుంటు పిల్ల డిస్ట్రోలు కూడా ఎల్‌టీఎస్ అనే రాసుకుంటాయి. కానీ వాటి డెస్క్‌టాప్ భాగానికి మద్దతు మూడేళ్లే. 24.04 కుబుంటుకి 2027 ఏప్రిల్‌తో సరి. ఒకే కుటుంబంలో తొమ్మిది నెలలు, మూడేళ్లు, అయిదేళ్లు అని మూడు గడువులున్నాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఈ తేడా ఎంతమంది చూస్తారన్నది అనుమానమే.

గడువు దాటిన సంగతి యంత్రం గట్టిగా చెప్పదు. కొన్నాళ్లకి ఉబుంటు వాళ్లు పాత విడుదల ఫైళ్లని వేరే సర్వరుకి మార్చేస్తారు. అప్పుడు `sudo apt update` కొడితే `404 Not Found` అనో, `no longer has a Release file` అనో వస్తుంది. చాలామంది దాన్ని నెట్ సమస్య అనుకుని రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు. అనుమానం వస్తే ముందు మన దగ్గరున్నది ఏ విడుదలో చూసుకోవాలి:

```
cat /etc/os-release
```

ఫెడోరాలో అయితే ఇదే ఫైల్లో `SUPPORT_END` అనే వరుస గడువు తేదీనే చెప్పేస్తుంది. మిగతావాళ్లూ ఈ మర్యాద నేర్చుకుంటే బాగుండు. ఫెడోరా ఆరు నెలలకొకటి వస్తుంది, ఒక్కో విడుదలకి సుమారు పదమూడు నెలల మద్దతు. ఏడాదికోసారి కొత్తదానికి మారే ఓపిక ఉన్నవాళ్లకి మంచి ఎంపిక. టీచరుగారికి కాదు.

మరి గడువే లేని డిస్ట్రోలు? ఆర్చ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ ఆ రకం. వీటికి విడుదలలంటూ ఉండవు, కొత్తది తయారైనప్పుడల్లా వస్తూనే ఉంటుంది. వీటిని ‘రోలింగ్’ అంటారు. ఎప్పటికీ పాతబడదు కదా అని ఆశ పుడుతుంది. అయితే ఇక్కడ అప్‌డేట్ చేస్తూ ఉండడం మన పని. ఆర్చ్‌ని నెలల తరబడి తాకకుండా వదిలేసి ఒక్కసారిగా అప్‌డేట్ చేయబోతే, ప్యాకేజీల మీద సంతకాలని సరిచూసే తాళాలు పాతబడి, `unknown trust` అంటూ మొరాయించవచ్చు. ముందు `archlinux-keyring` ప్యాకేజీని కొత్తది చేసి, వెంటనే మొత్తాన్నీ అప్‌డేట్ చేయాలి. ఒక్క ప్రోగ్రామునే కొత్తది చేసి మిగతావాటిని పాతవిగా ఉంచడం ఆర్చ్‌లో చేయకూడని పని; ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ భాగాలు పొంతన తప్పి, ఉన్న ప్రోగ్రాములు తెరుచుకోవడం మానేస్తాయి. టంబుల్‌వీడ్‌లో అప్‌డేట్ బెడిసికొడితే వెనక్కి వెళ్లేందుకు స్నాప్‌షాట్లుంటాయి కాబట్టి కొంత నయం. ఏదైనా వారం వారం కూర్చునే మనిషి కావాలి.

తేదీ తేలాక రూపు సంగతి. ఫెడోరాలోనూ ఉబుంటులోనూ మామూలుగా వచ్చేది గ్నోమ్. ఫెడోరాలో దాన్ని తెరిస్తే కింద పట్టీ ఉండదు, కిటికీకి మూసే గుర్తు తప్ప చిన్నది చేసే గుర్తు కనిపించదు. అలవాటైతే హాయిగానే ఉంటుంది గానీ, టీచరుగారి మొదటి ప్రశ్న ‘ఒరేయ్, స్టార్ట్ బటన్ ఏదిరా?’ అనే. మింట్‌లోని సినమన్‌కి కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం అన్నీ విండోస్ అలవాటు చేసిన చోట్లలోనే ఉంటాయి. కేడీఈ ప్లాస్మా కూడా అలాగే ఉంటుంది, సెట్టింగులు మాత్రం పుట్టెడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ వీటికంటే తేలిక, కాస్త పాతకాలపు రూపు. నచ్చకపోతే డెస్క్‌టాప్‌ని తర్వాత అదనంగా ఎక్కించుకోవచ్చు. సెట్టింగుల ప్రోగ్రాములు రెండేసి కనిపించి చిరాకు పెడతాయి, అంతే. అప్‌డేట్ పద్ధతిని మాత్రం అలా మార్చుకోలేం, డిస్ట్రోనే మార్చాలి. తేదీని ముందు పెట్టమన్నది అందుకే.

ఈ లెక్కన ఆ ల్యాప్‌టాప్‌కి తగింది లినక్స్ మింట్ 22. ఉబుంటు 24.04 పునాది మీద కట్టింది, మద్దతు 2029 దాకా. 22.1, 22.2 లాంటివి మధ్యలో వస్తే అప్‌డేట్ మేనేజర్‌లోంచే మారొచ్చు, మారకపోయినా భద్రతా అప్‌డేట్లు ఆగవు. మింట్ వాళ్లు కనీసం 2 జీబీ ర్యామ్ అంటారు, హాయిగా వాడాలంటే 4. కాబట్టి సినమన్ నడుస్తుంది. బ్రౌజర్లో పది ట్యాబులు తెరిచే అలవాటుంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ మేలు. వేసి వెళ్లే ముందు కుర్రాడు టైమ్‌షిఫ్ట్‌లో స్నాప్‌షాట్ తీయాలి. అది సిస్టమ్ ఫైళ్లని కాపాడుతుంది, ఫొటోలని కాదు. వాటికి వేరే కాపీ ఉండాలి.

ఆ ఇంట్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో డీటీపీ పని జరుగుతుంటే మాత్రం పైదంతా పక్కన పెట్టండి. ఆ పనికి విండోస్ తప్పదు.

ఇక నిన్నగాక మొన్న కొన్న ల్యాప్‌టాప్ అయితే లెక్క తిరగబడుతుంది. దీర్ఘకాల మద్దతు ఉన్న విడుదలలో కెర్నెల్ పాతది కావచ్చు, కొత్త వైఫై చిప్‌ని అది గుర్తించకపోవచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి: వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, మూత వేసి తెరిస్తే మేలుకుంటోందా, తెలుగు కీబోర్డు చేర్చుకుంటే ఒత్తులు సరిగా పడుతున్నాయా. వైఫై రాకపోతే అదే డిస్ట్రో తాజా పాయింట్ విడుదలని ప్రయత్నించాలి, అందులో కెర్నెల్ కొత్తగా ఉండొచ్చు. అప్పటికీ కుదరకపోతే ఫెడోరా వేసుకుని, ఏడాదికోసారి మార్చే పనిని క్యాలెండర్‌లో రాసుకోవాలి.