పండగ ఎవరిది, పని ఎవరి చేతిలో?

2025లో గాంధీ జయంతి, విజయదశమి ఒకేరోజు వచ్చాయి: అక్టోబరు 2, గురువారం. ఆ మర్నాడు జర్మనీలో సెలవు. 1990లో తూర్పు, పశ్చిమ జర్మనీలు ఒక్కటైన రోజు కాబట్టి అక్టోబరు 3 అక్కడ దేశమంతటా జాతీయ దినం. ఒకే పనిని హైదరాబాద్‌లో కొంత, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో కొంత చేసే జట్లకు ఆ వారం పెద్ద చిక్కే. ‘ఐదు పనిదినాల్లో ఇచ్చేస్తాం’ అని సోమవారం మాటిస్తే, ఆ ఐదో రోజు ఏ తేదీన పడుతుంది?

ఓ చిన్న పని తీసుకుని లెక్కేద్దాం. కారులో వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేయాలి. మార్పు చేసేది హైదరాబాద్ జట్టు, దానికి మూడు రోజులు. టెస్టింగ్ చేసేది స్టుట్‌గార్ట్ జట్టు, దానికి రెండు రోజులు. పని సెప్టెంబరు 29 సోమవారం సాయంత్రం చేతికొచ్చింది కాబట్టి లెక్క మంగళవారం నుంచి మొదలు. రెండుచోట్లా శని, ఆదివారాలు సెలవు. హైదరాబాద్ ఆఫీసు సెలవుల జాబితాలో ఆ వారం ఉన్నది 2వ తేదీ ఒక్కటే అనుకుందాం.

పండగలను పట్టించుకోకుండా వేళ్లు మడిచి లెక్కేస్తే 30, 1, 2, 3, 6 తేదీలు వస్తాయి. అంటే గడువు అక్టోబరు 6, సోమవారం. కాస్త జాగ్రత్తపడే మేనేజరైతే రెండు దేశాల సెలవులూ కలిపి ఒకే జాబితాగా రాసుకుని, 2, 3 తేదీలు రెండింటినీ తీసేస్తారు. అప్పుడు 30, 1, 6, 7, 8 వస్తాయి. గడువు 8, బుధవారం.

రెండూ తప్పే. 3వ తేదీ శుక్రవారం జర్మనీలో సెలవే గానీ, అప్పటికి పని ఉన్నది హైదరాబాద్‌లో. ఇక్కడి వాళ్లు మంగళ, బుధవారాలు పనిచేసి, గురువారం పండగ చేసుకుని, శుక్రవారం తమ మూడో రోజు పూర్తిచేస్తారు. స్టుట్‌గార్ట్ వాళ్లు సోమవారం ఆఫీసుకొచ్చి 6, 7 తేదీల్లో టెస్టింగ్ ముగిస్తారు. అసలు గడువు 7, మంగళవారం.

ఇప్పుడు వరస తిరగేయండి. మూడు రోజుల పని ముందు స్టుట్‌గార్ట్‌లో, రెండు రోజుల పని ఆ తర్వాత హైదరాబాద్‌లో జరిగితే? జర్మనీ వాళ్లు 30, 1, 2 తేదీల్లో ముగించి 2వ తేదీ సాయంత్రం పంపిస్తారు. హైదరాబాద్ వాళ్లు పండగ ముగించుకుని 3న వచ్చి అందుకుంటారు, 6వ తేదీకి పూర్తిచేస్తారు. సెలవులు అవే, రోజులు అవే, అయినా ఒక్క రోజు కూడా పోలేదు. రెండు పండగలూ పని అవతలి వాళ్ల చేతిలో ఉన్నప్పుడే వచ్చి వెళ్లిపోయాయి. అందుకే ‘మొత్తం ఎన్ని సెలవులు’ అని అడిగితే సరిపోదు. ఆ రోజున పని ఎవరి దగ్గర ఉందో చూడాలి. గడువును ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా, ఏ అంచెకు ఆ ఊరి క్యాలెండర్‌తో లెక్కగట్టాలి.

రెండు జాబితాలూ కలపాల్సిన సందర్భమూ ఒకటుంది. ఇరువైపుల వాళ్లూ ఒకేసారి కూర్చోవాల్సిన మీటింగులకు ఇద్దరికీ పనిదినమైన రోజే కావాలి. ఆ వారం 2, 3 తేదీలు రెండూ దానికి పనికిరావు.

ఎక్సెల్‌లో ఈ లెక్కకు సూత్రం సిద్ధంగానే ఉంది. హైదరాబాద్ సెలవుల తేదీలను ఒక నిలువు వరసలో రాసి `Hyd` అని, స్టుట్‌గార్ట్‌వి మరో వరసలో రాసి `Stg` అని పేరు పెట్టుకోవాలి. A2 గడిలో పని అందిన తేదీ ఉంటే, B2, C2 గడుల్లో వరసగా ఇవి రాస్తే చాలు:

```
=WORKDAY.INTL(A2,3,1,Hyd)
=WORKDAY.INTL(B2,2,1,Stg)
```

మొదటిది అక్టోబరు 3 అని, రెండోది అక్టోబరు 7 అని చూపిస్తుంది. మధ్యలో ఉన్న 1 అంకె శని, ఆదివారాలు సెలవని చెబుతుంది. సౌదీ అరేబియా జట్టయితే అక్కడ 7 వేయాలి, శుక్ర, శనివారాలు సెలవని అర్థం. ఈ సూత్రం మొదలుపెట్టిన తేదీని లెక్కలోకి తీసుకోదు. అదే `NETWORKDAYS` అయితే మొదటి రోజునూ చివరి రోజునూ కూడా లెక్కిస్తుంది. ఒకే జట్టులో ఒకరు ఇదీ మరొకరు అదీ వాడితే ఇద్దరి లెక్కల మధ్యా ఒక రోజు తేడా వస్తుంది. ఇద్దరూ ఎదుటివాళ్ల సెలవుల జాబితాలో తప్పులు వెతుకుతూ కూర్చుంటారు.

సూత్రం ఎంత బాగున్నా, జాబితా పాతదైతే ఫలితం తప్పే. దీనిలో ప్రమాదం ఏమిటంటే ఎక్సెల్ ఏమీ అభ్యంతరం చెప్పదు. జాబితా 2025 డిసెంబరుతో ముగిసిపోయినా, జనవరి గడువును ధైర్యంగా చూపించేస్తుంది, సంక్రాంతి కూడా పనిదినమైపోతుంది. పట్టుకోవడానికి సులువైన దారి ఉంది: జాబితాలోని చివరి తేదీ, వచ్చిన గడువు కన్నా ముందే ఉంటే ఆ గడువును నమ్మకూడదు.

జాబితాకు దేశం పేరు పెట్టడం మరో పొరపాటు. 2026 జనవరి 6 మంగళవారం స్టుట్‌గార్ట్‌లో సెలవు, బెర్లిన్‌లో మామూలు పనిదినం. మార్చి 8 బెర్లిన్‌లో సెలవు, స్టుట్‌గార్ట్‌లో కాదు. మన దగ్గరా అంతే. జూన్ 2 తెలంగాణ అవతరణ దినం, విజయవాడలో ఆఫీసులు తెరిచే ఉంటాయి. పైగా ప్రైవేటు ఆఫీసు జాబితా ప్రభుత్వ జాబితాతో కలవాలనేమీ లేదు. కాబట్టి ఊరి పేరుతో, ఆ ఆఫీసు హెచ్‌ఆర్ ఇచ్చిన జాబితానే వాడాలి. ఆప్షనల్ హాలిడేలు ఎవరికి వారు ఎంచుకునేవి కనుక అందులో చేరవు. పని ఒక్కరే చేస్తున్నప్పుడు వాళ్లు తీసుకునే ఆ రోజును సొంత సెలవులా విడిగా తీసేయాలి.

సెలవు శనివారం పడితే ఏమవుతుందన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. 2026లో జులై 4 శనివారం. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకు ఆ సెలవు ముందురోజు శుక్రవారానికి వస్తుంది. అదే ఏడాది డిసెంబరు 26 కూడా శనివారమే, బ్రిటన్‌లో దానికి బదులు 28 సోమవారం సెలవిస్తారు. ఆగస్టు 15 కూడా శనివారమే పడింది. మన దగ్గర దానికి బదులు సెలవేమీ ఉండదు. డల్లాస్, లండన్, హైదరాబాద్ మూడూ ఉన్న జట్టు పండగల తేదీలు రాసుకుంటే చాలదు, ఆఫీసు మూసే తేదీలు రాసుకోవాలి.

చైనా దగ్గరకొచ్చేసరికి పై సూత్రం చేతులెత్తేస్తుంది. అక్కడ పొడవాటి సెలవులకు బదులుగా కొన్ని వారాంతాల్లో పనిచేయిస్తారు. 2025లో అక్టోబరు 1 నుంచి 8 దాకా సెలవులిచ్చి, సెప్టెంబరు 28 ఆదివారం, అక్టోబరు 11 శనివారం పనిదినాలు చేశారు. సెలవుల జాబితాతో పనిదినాన్ని సెలవుగా మార్చవచ్చు గానీ, ఆదివారాన్ని పనిదినం చేయలేం. ఆ రోజులను విడిగా కలుపుకోవాల్సిందే.

ఇవన్నీ చూసుకున్నాక, గడువును టికెట్‌లో రాసేటప్పుడు ‘ఐదు పనిదినాలు’ అని వదిలేయకుండా తేదీలే రాయాలి. పై ఉదాహరణ ఇలా ఉంటుంది: ‘హైదరాబాద్ నుంచి అక్టోబరు 3 సాయంత్రానికి, స్టుట్‌గార్ట్ నుంచి అక్టోబరు 7 సాయంత్రం 6 గంటలకు, జర్మనీ సమయం.’ హైదరాబాద్‌లో అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, కాబట్టి ఇక్కడి వాళ్లు ఆ ఫలితాన్ని వాడుకునేది 8వ తేదీ ఉదయమే. కస్టమర్‌కు చెప్పాల్సిన తేదీ హైదరాబాద్ నుంచి వెళ్లేదైతే, అది 8 అవుతుంది.