మూడు చోట్ల కొలిస్తే 21, ఏడు చోట్ల కొలిస్తే 17!

ఆటల్లో ఉన్న పిల్లలకు ఒంట్లో కొవ్వు ఎంత ఉందో చూడటానికి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లేపి, ఆ మడత మందాన్ని కాలిపర్ అనే పరికరంతో కొలవటం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఖర్చు లేదు, నొప్పి లేదు. అయితే ఆ కొలత చివర వచ్చే 'శాతం' అనే అంకె ఎంత తికమక పెట్టగలదో ఈ సంఘటన చెబుతుంది.

800 మీటర్ల పరుగులో పోటీ చేసే 19 ఏళ్ల అమ్మాయిని తండ్రి నా వద్దకు తీసుకువచ్చారు. రెండు నెలలుగా నెలసరి రావటం లేదు. నీరసం. 50 కిలోలుండే పిల్ల 48కి దిగింది. "రాత్రి భోజనం మానేసిందండీ, డాక్టరుగారూ. ఒంట్లో కొవ్వు పెరిగింది, రెండు కిలోలు తగ్గాలి అన్నారట" అన్నారాయన. జేబులోంచి రెండు చీటీలు తీసి చూపించారు. మొదటి శిబిరంలో ఇచ్చిన చీటీలో కొవ్వు 17.4 శాతం. మూడు వారాల తరువాత వేరొక శిబిరంలో ఇచ్చిన దానిలో 20.8 శాతం. రెండింటిలోనూ బరువు 50 కిలోలే!

ఈ అంకెలు నిజమైతే ఆమె ఒంట్లో కొవ్వు 8.7 కిలోల నుంచి 10.4 కిలోలకు పెరిగి ఉండాలి. బరువు మారలేదు కనుక అంతే మేరకు కండ తరిగి ఉండాలి. రోజూ పరుగు సాధన చేస్తూ, పరుగు వేగం ఏమాత్రం తగ్గని పిల్లకు మూడు వారాల్లో అలా జరగదు. అందుకని శాతాలను పక్కనబెట్టి, చీటీలలో రాసిన మిల్లీమీటర్లు చూశాను.

మిల్లీమీటర్లు ఏం చెప్పాయి?

మొదటి శిబిరంలో ఏడు చోట్ల కొలిచారు. జబ్బ వెనుక 14, తుంటి ఎముక అంచు పైన 11, తొడ ముందు భాగాన 27, ఛాతీ పక్కన 6, చంక కింద పక్కటెముకల మీద 7, వీపున రెక్క ఎముక కింద 8, బొడ్డు పక్కన 11. మొత్తం 84 మిల్లీమీటర్లు. రెండవ శిబిరంలో మూడు చోట్లే కొలిచారు. జబ్బ 14, తుంటి పైన 10, తొడ 28. మొత్తం 52. మొదటి చీటీలో ఈ మూడు చోట్ల అంకెలు కూడండి. 14, 11, 27 కలిపితే అదీ 52! అంటే అమ్మాయి ఒంట్లో ఏమీ మారలేదు. మారింది కొలిచే పద్ధతి.

ఈ రెండు పద్ధతులూ జాక్సన్, పోలక్ అనే అమెరికన్ పరిశోధకులవే. మగవారి సూత్రాలను 1978లోను, వార్డ్ అనే ఆమెతో కలిసి ఆడవారి సూత్రాలను 1980లోను ప్రకటించారు. మనిషిని నీటిలో ముంచి తూచి శరీర సాంద్రత కనుక్కుని, దానికీ చర్మపు మడతల మొత్తానికీ, వయసుకూ ఉన్న సంబంధాన్ని సూత్రంగా కట్టారు. మడతల మొత్తం నుంచి సాంద్రత వస్తుంది. 495ను ఆ సాంద్రతతో భాగించి 450 తీసివేస్తే కొవ్వు శాతం వస్తుంది. ఈ అమ్మాయికి ఏడు చోట్ల లెక్కలో సాంద్రత 1.0591, మూడు చోట్ల లెక్కలో 1.0514. కంటికి ఆనని తేడా. శాతంలోకి వచ్చేసరికి అదే 3.4 అయి కూర్చుంది.

తొడ ఎందుకు పెత్తనం చేసింది?

మూడు చోట్ల పద్ధతిని మూడు సాక్ష్యాలు విని తీర్పు చెప్పటం అనుకోండి. 'జబ్బ, తుంటి, తొడల మీద ఇంత మందం ఉన్న ఆడమనిషికి పొట్టమీదా వీపుమీదా కూడా సగటున ఇంత ఉంటుంది' అని సూత్రం ఊహిస్తుంది. ఆ ఊహ సగటు మనిషికి సరిపోతుంది. కాని మన అమ్మాయికి కొవ్వంతా తొడల్లోనే ఉంది. వీపు, ఛాతీ, పొట్ట సన్నం. మూడింటి మొత్తంలో ఒక్క తొడదే సగానికి పైగా వాటా. ఏడింటి మొత్తంలో అది మూడో వంతుకు దిగుతుంది. సన్నగా ఉన్న నాలుగు చోట్లకూ సాక్ష్యం చెప్పే అవకాశం దొరికింది కనుకనే శాతం తగ్గింది.

దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. అదే వయసున్న మరో అమ్మాయికి జబ్బ 16, తుంటి 18, తొడ 18 అనుకుందాం. మొత్తం మళ్లీ 52, శాతం మళ్లీ 20.8. కాని ఆమెకు ఛాతీ 10, చంక కింద 12, వీపు 14, బొడ్డు పక్కన 20 ఉంటే ఏడింటి మొత్తం 108 అవుతుంది, శాతం 21.3. మూడు చోట్ల లెక్కలో కవల పిల్లల్లా కనిపించిన ఇద్దరి మధ్య ఏడు చోట్ల లెక్కలో నాలుగు శాతం ఎడం వచ్చింది.

కొలతలో పొరపాటు జరిగినా ఇంతే. బిగువైన కండ ఉన్న తొడ దగ్గర మడత సరిగా లేవదు. కిందనున్న కండ కూడా వేళ్ల మధ్యకు వస్తుంది. తొడ దగ్గర 27కు బదులు 30 రాశారనుకోండి. మూడు చోట్ల లెక్కలో శాతం 20.8 నుంచి 21.8కి పోతుంది. ఏడు చోట్ల లెక్కలో 17.4 నుంచి 17.9కే పోతుంది. మడత జారిపోతున్నా, కొలిచేటప్పుడు నొప్పి పుట్టినా, వెంటవెంటనే తీసిన రెండు కొలతల మధ్య రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉన్నా ఆ అంకెను నమ్మకుండా మళ్లీ కొలవాలి.

అయితే ఏడే మేలా?

అలా అనలేం. వందలమందిని కొలిచి చూసినప్పుడు రెండు పద్ధతుల కచ్చితత్వం దాదాపు ఒకటే. ఏ ఒక్కరి విషయంలోనైనా అసలు శాతానికి అటూ ఇటూ నాలుగు దాకా తప్పు రావటం రెండింటికీ మామూలే. కనుక 17.4 నిజం, 20.8 అబద్ధం అని తీర్పు చెప్పే హక్కు నాకూ లేదు. పైగా ఇవి అమెరికాలోని మామూలు జనాన్ని కొలిచి కట్టిన సూత్రాలు, మన క్రీడాకారిణులను కొలిచి కట్టినవి కావు. మూడు చోట్ల పద్ధతికి తన సుగుణం తనకుంది. త్వరగా అవుతుంది, ఆడపిల్లలు ఛాతీ, పొట్ట చూపించవలసిన ఇబ్బంది ఉండదు. ఏడు చోట్ల కొలవాలంటే కొలిచేది స్త్రీయే కావాలి, గది చాటుగా ఉండాలి.

నేను తండ్రికి చెప్పిందిదే. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా దానినే పాటించండి. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే కాలిపర్‌తో, శరీరం కుడిపక్కనే, పరుగుకు ముందు కొలవాలి. కొలిచే చోటును టేపుతో చూసి పెన్నుతో గుర్తు పెట్టాలి. చీటీ మీద శాతం ఒక్కటే కాక ఎక్కడెక్కడ ఎన్ని మిల్లీమీటర్లో రాయించుకోవాలి. నెల తరువాత పోల్చవలసింది ఆ మిల్లీమీటర్ల మొత్తాన్ని. 52 అన్నది 52గానే ఉంటే కొవ్వు పెరగలేదన్నమాట. వేరు వేరు పద్ధతుల శాతాలను పక్కపక్కన పెట్టి చూడటం కుంచాన్నీ సోలనూ ఒకే లెక్కన కొలిచినట్లుంటుంది.

ఆ అమ్మాయికి నేను మందు రాయలేదు. గర్భం, థైరాయిడ్ వంటి ఇతర కారణాలేవీ లేవని పరీక్షల్లో తేలాక, రాత్రి భోజనం మళ్లీ పెట్టించాను. చేసే శ్రమకు తగిన తిండి లేనప్పుడు శరీరం ముందుగా నెలసరిని ఆపుతుంది. అది అలాగే సాగితే ఎముకలు కూడా గుల్లబారుతాయి. ఆమె బరువు 50కి చేరింది, నాలుగో నెలలో నెలసరి వచ్చింది. మీ ఇంట్లో పరుగెత్తే పిల్ల ఉండి, ఎవరైనా 'కొవ్వు పెరిగింది' అంటే కంచం ముందునుంచి లేపకండి. "ఎన్ని చోట్ల కొలిచారు? పోయినసారి ఎన్ని చోట్ల?" అని ముందు అడగండి.