నాలుగు నిమిషాల వీడ్కోలు

ప్రభుత్వ ఉద్యోగంలో పుట్టిన నెల ఆఖరి రోజే పదవీ విరమణ రోజు. ఒకటో తేదీన పుట్టినవాళ్లకు అంతకు ముందు నెల ఆఖరి రోజు. నా మిత్రుడు, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల హెడ్‌మాస్టరు, రికార్డు ప్రకారం జులై ఒకటిన పుట్టారు. అలా జూన్ 30న ఆయన సభ జరిగింది. దానికి వారం ముందు తొమ్మిది పేజీల ఉపన్యాసం రాసుకుని మా ఇంటికొచ్చారు.

"చదవండి మాస్టారూ, నేను వింటాను" అని గడియారం ముందు పెట్టుకున్నాను. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఇలాంటి సభలో విరమించే మనిషి మాట్లాడేది అందరికన్నా చివర. అప్పటికి అతిథులు, సంఘాల నాయకులు, పూర్వ విద్యార్థులు మాట్లాడి, శాలువాలు కప్పి రెండు గంటలు దాటుతుంది. షామియానా కింద నేలమీద కూర్చున్న పిల్లలు మట్టిలో గీతలు గీయడం మొదలుపెట్టారంటే ఇక మాట వాళ్ల చెవిన పడదు. మనకు మిగిలేది నాలుగైదు నిమిషాలే.

మొదటి మూడు పేజీలు ఆయన ఎక్కడెక్కడ పనిచేశారో, ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో. అవన్నీ సీనియర్ అసిస్టెంటు పరిచయంలో ఎలాగూ చదువుతారు, తీసేశాం. వేదిక మీదున్న పెద్దల్ని ఒక్కొక్కరినీ సంబోధించే పేరా ఒక్క వాక్యమైంది.

తర్వాత ముప్పై నాలుగు మంది పేర్లు, ప్రతి పేరు పక్కన ధన్యవాదాలు. దీన్ని తీయడానికి ఆయన మనసు ఒప్పలేదు. కానీ జాబితా చదివితే వినేవాడు తన పేరు కోసమే ఎదురుచూస్తాడు. ఒక్క పేరు జారిందంటే ఆ మనిషి చిన్నబుచ్చుకుని ఇంటికెళతాడు. అందుకే పేర్లు వద్దు, చేసిన పని చెప్పండన్నాను. పని చెబితే ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది.

రెండు పేజీల నిండా బాధలు. మధ్యాహ్న భోజనం బిల్లులు సమయానికి రాక పడిన ఇబ్బంది అందులో పెద్దది. అబద్ధం ఒక్కటీ లేదు. అయినా నిన్న మొన్న ఉద్యోగంలో చేరిన టీచర్లకు ఆ రోజు దిగులు పుట్టించడం నాకు నచ్చలేదు. ఆ రెండు పేజీల్లోంచే ఈ ఉపన్యాసంలో అన్నిటికన్నా మంచి మాట దొరికింది. చివరికి ఆయన చదివింది ఇది:

"సభకు నమస్కారం. పిల్లలూ, ముందు మీతో మాట్లాడతాను. పోయిన వానాకాలం ఏడో తరగతి గది కారింది. మీ బెంచీలు మీరే మోసుకుని వరండాలో వేసుకుని, 'క్లాసు మొదలెట్టండి సార్' అన్నారు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో మీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

"వంట చేసే అమ్మలకు నా దండం. బిల్లు రాని నెలల్లో కూడా మీ పొయ్యి ఆగలేదు. కొట్టులో అప్పు పెట్టి పప్పు తెచ్చారని నాకు తెలుసు.

"ఉపాధ్యాయ మిత్రులారా, పదో తరగతికి పొద్దున ఎనిమిదింటికి స్టడీ అవర్ పెడదామని నేను అనకముందే మీరు వంతులు రాసి తెచ్చారు. నలుగురిలో నేను కొందరిని గట్టిగా కోప్పడ్డాను. అది తప్పు, మన్నించండి.

"నా భార్య ఇన్నేళ్లూ పొద్దున్నే లేచి నా క్యారియరు కట్టింది. రేపటి నుంచి ఇద్దరం కలిసి తింటాం. అందరికీ కృతజ్ఞతలు. పిల్లలూ, ఎండ పెరగకముందే భోజనానికి వెళ్లండి."

మా ఇంట్లో చదివినప్పుడు వంట అమ్మల మాట దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. మొదట అది ఆఖరున ఉండేది. ఆఖర్లో గొంతు ఆగితే ముగింపు సగంలో ఉండిపోతుంది కనుక మధ్యకు జరిపాం. రోజూ పైకి మూడుసార్లు చదవమన్నాను. అక్షరాలు పెద్దగా రాసి, ఒక్కో పేరా ఒక్కో కాగితం మీద ఉంచాం. చూడకుండా చెప్పాలని పంతం పట్టినవాళ్లు చాలామంది సగంలో దారి తప్పడం నేను చూశాను.

సభలోనూ ఆయన ఆ మాట దగ్గరే ఆగారు. మంచినీళ్లు తాగి, కాగితం తిప్పి, మిగతాది చదివారు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. వంట చేసే ఇద్దరు అమ్మలూ గరిటెలు పక్కన పెట్టి షెడ్డు గడప దగ్గర నిలబడి విన్నారు. భోజనాలయ్యాక ఆయన ఆఫీసు గదిలోకి వెళ్లి ఛార్జి కాగితాల మీద సంతకం చేసి, బీరువా తాళాలు సీనియర్ అసిస్టెంటు చేతికిచ్చారు.