కుట్లు వేయించుకున్నారా..? నొప్పి తగ్గి మళ్లీ పెరిగితే జాగ్రత్త.. ఇన్ఫెక్షన్‌ను ఇంట్లోనే ఇలా పసిగట్టండి

కొవ్వు గడ్డ తీయడం, సెగగడ్డ కోసి శుభ్రం చేయడం, పులిపిరి తొలగించడం.. ఇలాంటి చిన్న ఆపరేషన్లు చేయించుకుంటే అదే రోజు ఇంటికి పంపించేస్తారు. చేతిలో ఓ చీటీ పెడతారు. అందులో అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. మందుల షాపు వాళ్లు మాత్రల సంగతి చెబుతారు కానీ, డ్రెస్సింగ్ ఎప్పుడు తీయాలి, స్నానం ఎప్పుడు చేయాలి అన్నది మాత్రం చాలామందికి అర్థం కాదు. మరి ఆ చీటీలో ఉండేది ఏంటి? కుట్లు మానుతున్నాయా, చీము పడుతోందా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఇప్పుడు చూద్దాం.

చీటీలో ఏముంటుంది?

‘బీడీ’ అంటే రోజుకు రెండుసార్లు, ‘టీడీఎస్’ అంటే మూడుసార్లు. ‘ఎస్ఓఎస్’ అని రాస్తే అవసరమైతేనే వేసుకోవాలని అర్థం. ఎక్కువగా నొప్పి మాత్ర పక్కన ఇది కనిపిస్తుంది. ‘పీఓడీ 10’ అంటే ఆపరేషన్ తర్వాత పదో రోజు. ‘సూచర్ రిమూవల్’ అంటే కుట్లు విప్పడం. అంటే ఈ రెండూ పక్కపక్కన ఉంటే పదో రోజు కుట్లు విప్పించుకోవడానికి రమ్మన్నారన్నమాట.

కుట్లు విప్పే రోజు అందరికీ ఒకటే కాదు. ముఖం మీదైతే సాధారణంగా 5 నుంచి 7 రోజులు, తల, చేతుల మీదైతే 7 నుంచి 10 రోజులు, వీపు, కాళ్ల మీదైతే 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తప్రసరణ బాగా ఉన్న చోట త్వరగా మానుతుంది. కదలిక, లాగుడు ఎక్కువ ఉన్న చోట ఆలస్యం అవుతుంది. కరిగిపోయే కుట్లు వేస్తే విప్పాల్సిన పని ఉండకపోవచ్చు. ఏ రకం కుట్లు వేశారో డిశ్చార్జ్ అయ్యేటప్పుడే అడిగి తెలుసుకోండి.

రోజు రోజుకీ ఏం జరుగుతుంది?

ఉదాహరణకు వీపు మీద కొవ్వు గడ్డ తీయించుకున్న ఓ 45 ఏళ్ల వ్యక్తిని తీసుకుందాం. ఆయనకు ఆరు కుట్లు వేశారు.

మొదటి రెండు రోజులు: డ్రెస్సింగ్‌ను కదిలించకూడదు, తడపకూడదు. కోత అంచులు అతుక్కుని, పైన పల్చటి పొర ఏర్పడటానికి దాదాపు 48 గంటలు పడుతుంది. ఈ టైమ్‌లో కొంచెం నొప్పి, వాపు, కుట్ల చుట్టూ సన్నటి ఎరుపు ఉంటాయి. గాజుగుడ్డ మీద చిన్న రక్తపు మరక, లేత పసుపు రంగులో నీళ్లలాంటి రసి కనిపించొచ్చు. ఇదంతా మామూలే.

మూడో రోజు: డాక్టర్ వద్దని చెప్పకపోతే మామూలు నీళ్లతో స్నానం చేయొచ్చు. కుట్ల మీద నుంచి నీళ్లు పారనివ్వాలి కానీ రుద్దకూడదు. తర్వాత శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. కుట్లు విప్పే వరకు చెరువు, కాలువ, స్విమ్మింగ్ పూల్ జోలికి వెళ్లొద్దు.

నాలుగు, ఐదు రోజులకు: నొప్పి, వాపు బాగా తగ్గాలి. అసలు చూసుకోవాల్సింది ఇక్కడే. కోతలో ఇన్ఫెక్షన్ మొదలైతే చాలావరకు మొదటి రోజే బయటపడదు. సూక్ష్మక్రిములు పెరగడానికి టైమ్ పడుతుంది కాబట్టి నాలుగో రోజు నుంచి పదో రోజు మధ్యలో ఎక్కువగా కనిపిస్తుంది. మన ఉదాహరణలోని వ్యక్తికి మూడో రోజుకు నొప్పి తగ్గింది. మాత్ర కూడా ఆపేశాడు. ఐదో రోజు రాత్రి మళ్లీ సలపరం మొదలైంది, పక్కకు తిరిగి పడుకున్నా తగ్గలేదు. పైకి చీము లేదు, జ్వరం లేదు. అయినా డాక్టర్‌కు చూపించాల్సింది అప్పుడే. మానే గాయం రోజు రోజుకీ తగ్గుతూ పోవాలి. తగ్గింది మళ్లీ పెరిగితే లోపల ఏదో తేడా జరుగుతున్నట్టే.

ఇలా త్వరగా వెళితే డాక్టర్ ఒకటి రెండు కుట్లు విప్పి, లోపల చేరిన చీమును బయటకు పంపి శుభ్రం చేస్తారు. అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు. ‘రివ్యూ డేట్ ఇంకా ఐదు రోజులుంది కదా’ అని ఆగితే అదే చీము లోపల్లోపల పాకి, కుట్లన్నీ విడిపోయే పరిస్థితి రావొచ్చు.

ఇన్ఫెక్షన్ గుర్తులు ఇవే

ఎరుపు పాకడం: కుట్ల చుట్టూ ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీయండి. కొన్ని గంటల తర్వాత ఎరుపు ఆ గీత దాటితే ఆస్పత్రికి వెళ్లాలి. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు చేతులు కడుక్కుని, వేలి వెనుక వైపుతో తాకి చూడండి. పక్కనున్న చర్మం కంటే వేడిగా, గట్టిగా అనిపించినా, నిగనిగలాడుతూ ఉబ్బినా అనుమానించాల్సిందే.

రసి మారడం: నీళ్లలా ఉన్నది చిక్కబడి తెల్లగా, పచ్చగా మారడం, వాసన రావడం.

కుట్లు విడిపోవడం: అంచుల మధ్య సందు కనిపించడం.

జ్వరం: 100.4 డిగ్రీల ఫారిన్‌హీట్ దాటడం, వణుకు రావడం.

గాయం నుంచి పైకి ఎర్రటి చారలు పాకినా, చర్మం నల్లబడినా, కనిపించే గాయానికి మించి భరించలేని నొప్పి ఉన్నా, ఆయాసం, మగత, మాట తడబడటం మొదలైనా అది ఎమర్జెన్సీ. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఒక్కో కుట్టు చర్మంలోకి దిగిన చోట చిన్న ఎర్ర చుక్క ఉంటే భయపడక్కర్లేదు. అది దారానికి చర్మం స్పందించడమే. అలాగే గడ్డ తీసిన ఖాళీలో నీరు చేరి మెత్తగా, నొప్పి లేకుండా ఉబ్బొచ్చు. దాన్ని నొక్కి తీయాలని చూడొద్దు, డాక్టర్‌కు చూపిస్తే చాలు.

డ్రెస్సింగ్ మార్చేది ఇలా

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాత గాజుగుడ్డ అంటుకుపోతే లాగేయకూడదు. సెలైన్ లేదా కాచి చల్లార్చిన నీళ్లతో తడిపి, నెమ్మదిగా తీయాలి. కుట్ల మీద నుంచి బయటి వైపుకు తుడవాలి. ఒకసారి వాడిన ముక్కతో మళ్లీ తుడవొద్దు. ఆరాక కొత్త గాజుగుడ్డ పెట్టి పేపర్ టేప్ అంటించాలి. దూదిని నేరుగా కుట్ల మీద పెడితే పోగులు అంటుకుంటాయి. డ్రెస్సింగ్ తడిస్తే మార్చేయాల్సిందే.

పసుపు, కొబ్బరి నూనె, కాఫీ పొడి, సున్నం.. ఇవేవీ కుట్ల మీద పెట్టొద్దు. అవి శుభ్రం చేసినవి కావు, పైగా రంగు మారి ఎరుపు, చీము కనిపించకుండా పోతాయి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కణాలు కూడా దెబ్బతింటాయి.

పప్పు తింటే చీము పడుతుందా?

మన ఇళ్లలో బాగా వినిపించే మాట ఇది. నిజానికి చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి. పత్యం పేరుతో పప్పు, గుడ్డు మానేస్తే మానడమే ఆలస్యం అవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం మందులు ఆపకుండా, రీడింగ్ చూసుకుంటూ ఉండాలి. షుగర్ పెరిగితే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. నరాలు దెబ్బతిన్న చోట నొప్పి కూడా తెలియదు. అందుకే వాళ్లు నొప్పి కోసం ఎదురుచూడకుండా కుట్లను రోజూ కళ్లతో చూసుకోవాలి. వీపు మీదైతే ఇంట్లో వాళ్లతో ఫోన్‌లో ఫొటో తీయించుకోండి. రోజూ ఒకే వెలుతురులో తీస్తే తేడా ఇట్టే తెలుస్తుంది, డాక్టర్‌కు చూపించడానికీ పనికొస్తుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ గాయం విషయంలో ఆపరేషన్ చేసిన డాక్టర్ చెప్పిందే పాటించండి.)