వార్డు నోట్సు కేర్ ప్లాన్‌గా మారే తీరు

వార్డులో నర్సు రాసుకునే నోట్సు గడియారాన్ని బట్టి సాగుతుంది. ఆరింటికి బీపీ, ఆరున్నరకు సెలైన్ మార్చడం, ఏడింటికి రోగి చెప్పిన మాట అన్నీ జరిగిన వరుసలోనే కాగితం ఎక్కుతాయి. కేర్ ప్లాన్‌లో అలా కుదరదు. అందులో సమస్య, లక్ష్యం, చర్యలు, మూల్యాంకనం అని నాలుగు గడులుంటాయి. ఒక గడిలో రాసినది పక్క గడికి కారణం కావాలి. వేళల వరుసలో ఉన్న విషయాలను కారణాల వరుసలోకి మార్చడమే ఇక్కడ అసలు పని.

ఉదాహరణకు, అపెండిక్స్ పగిలి పొట్ట కోసి ఆపరేషన్ చేసిన 58 ఏళ్ల రోగిని తీసుకోవచ్చు. బరువు 60 కిలోలు, బీడీల అలవాటు ఉంది. ఆపరేషన్ అయిన రెండో రోజు ఉదయం 8 గంటలకు నోట్సు ఇలా ఉంది:

> రాత్రి నిద్ర లేదు. కుట్ల దగ్గర నొప్పి; పడుకుంటే 4, దగ్గితే 8 అంటున్నారు. గొంతులో కఫం, దగ్గడం లేదు. మంచం దిగనంటున్నారు, కోఆపరేట్ చేయట్లేదు. జ్వరం 100.2, పల్స్ 102, శ్వాస 26, ఆక్సిజన్ 93 శాతం, బీపీ 130/80. కుడి ఊపిరితిత్తి అడుగున గురగుర. డ్రెస్సింగ్ పొడిగా ఉంది. పొట్ట మెత్తగా ఉంది, గ్యాస్ పోలేదు. 8 గంటల్లో మూత్రం 400 మి.లీ.

మొదట ఈ వాక్యాలను రెండుగా విడదీస్తారు. నొప్పి, నిద్ర లేకపోవడం రోగి నోటి మాటలు. శ్వాస 26, ఆక్సిజన్ 93 నర్సు కొలిచి చూసినవి. ‘కోఆపరేట్ చేయట్లేదు’ ఈ రెండింటిలో దేనికీ చెందదు. అది నర్సు అభిప్రాయం. దాన్ని అలాగే ఉంచితే రోగి మొండివాడన్న ముద్ర మిగులుతుంది, కారణం మరుగున పడుతుంది. ‘కదిలితే కుట్లు లాగుతున్నాయని మంచం దిగలేదు’ అని రాస్తే అదే వాక్యం పనికొస్తుంది.

తర్వాత దేనితో ఏది కలుస్తుందో చూడాలి. దగ్గితే నొప్పి 8కి పోతోంది కాబట్టి రోగి దగ్గు ఆపుకుంటున్నారు, లోతుగా ఊపిరి తీయడం లేదు. కఫం అడుగున నిలిచిపోతోంది. గురగుర, వేగంగా ఆడుతున్న శ్వాస, తగ్గిన ఆక్సిజన్ దాన్నే చూపిస్తున్నాయి. నోట్సులో చెదిరి ఉన్న ఈ వాక్యాలన్నీ ఒకే గొలుసు. మూత్రం మాత్రం ఇందులో చేరదు. పెద్దవాళ్లలో కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు చొప్పున రావాలి. 60 కిలోల మనిషికి 8 గంటల్లో 240 మి.లీ. చాలు, వచ్చింది 400. పొడి డ్రెస్సింగ్ కూడా అంతే. గ్యాస్ పోకపోవడం పొట్ట ఆపరేషన్ అయిన రెండో రోజున మామూలే కాబట్టి దాన్ని గమనిస్తూ ఉంటే సరిపోతుంది. నోట్సులోని ప్రతి అంకెనూ సమస్యగా మారిస్తే ప్లాన్ పెరుగుతుందే తప్ప రోగికి ఒరిగేది లేదు.

సమస్య గడిలో జబ్బు పేరు రాయకూడదు. ‘అపెండిక్స్ పగలడం’ డాక్టరు నిర్ధారణ. దానికి నర్సు విడిగా చేసే వైద్యం లేదు. నర్సు రాసే సమస్యకు మూడు భాగాలుంటాయి: ఏం జరుగుతోంది, దేనివల్ల, ఏ ఆధారంతో. రెండో భాగమే ప్లాన్‌కు ఇరుసు, ఎందుకంటే చర్యలన్నీ కారణం మీదే పనిచేయాలి. కారణం ‘నొప్పికి భయపడి దగ్గకపోవడం’ అయినప్పుడు, నొప్పి తగ్గించకుండా దగ్గమని గంటకోసారి చెప్పినా ఫలితం ఉండదు.

లక్ష్యం రోగిలో కనిపించే మార్పును చెప్పాలి, అదీ కొలతతో, గడువుతో. ‘రోగికి ఊపిరి వ్యాయామాలు నేర్పించాలి’ అన్నది నర్సు చేసే పని కాబట్టి చర్యల గడిలోకి వెళుతుంది. ‘ఊపిరి బాగుపడాలి’ అని రాస్తే బాగుపడిందో లేదో సాయంత్రం తేల్చడానికి ఆధారం ఉండదు. ఈ రోగికి మొదటి రెండు సమస్యలు ఇలా కుదురుతాయి:

| సమస్య | లక్ష్యం | చర్యలు | మూల్యాంకనం |
|---|---|---|---|
| నొప్పికి భయపడి దగ్గకపోవడంతో కఫం నిలిచింది; శ్వాస 26, ఆక్సిజన్ 93, కుడివైపు అడుగున గురగుర | రేపు ఉదయం 8కి శ్వాస 20 మించదు, ఆక్సిజన్ 95 లేదా పైన, కఫం తానే దగ్గి తీస్తారు | తలవైపు 30–45 డిగ్రీలు ఎత్తడం; మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి స్పైరోమీటరుతో 10 ఊపిర్లు; కుట్ల మీద దిండు అదిమి దగ్గించడం; శ్వాస, ఆక్సిజన్ 2 గంటలకోసారి | మధ్యాహ్నం 2: శ్వాస 24, ఆక్సిజన్ 94, కఫం కొద్దిగా |
| కోత వల్ల నొప్పి. దగ్గితే 8, నిద్ర లేదు | మధ్యాహ్నం 2కి దగ్గినప్పుడు నొప్పి 4 మించదు | డాక్టరు రాసిన పారాసిటమాల్ వేళకు ఎక్కించడం. పక్కకు ఒరిగి లేవడం నేర్పడం. నొప్పి అంకె 4 గంటలకోసారి | మధ్యాహ్నం 2: దగ్గితే 6. లక్ష్యం అందలేదు |

నొప్పి రోగిని ఎక్కువ బాధపెడుతున్నా ఊపిరికి సంబంధించిన సమస్యను ముందు రాశారు. ప్రాణానికి దగ్గరైనది మొదట రావడం పద్ధతి. అయితే చేతికి ముందు అందాల్సింది నొప్పి మందే. రాసే వరుస, చేసే వరుస వేరు కావచ్చు.

చర్యల గడిలో ఎక్కువగా కనిపించే లోపం ‘వైటల్స్ చూడాలి’, ‘ధైర్యం చెప్పాలి’ లాంటి మాటలు. ఏమిటి, ఎంత, ఎన్ని గంటలకోసారి అన్నది లేకపోతే తర్వాతి షిఫ్టుకు వచ్చిన నర్సుకు చేయాల్సింది తెలియదు. ఏది డాక్టరు ఆర్డరుతో చేసేదో, ఏది నర్సు సొంత నిర్ణయమో కూడా చదవగానే తెలియాలి. పారాసిటమాల్ మొదటి రకం, దిండు అదిమి దగ్గించడం రెండో రకం.

మూల్యాంకనం గడిలో ‘లక్ష్యం నెరవేరింది’ అని ఒక్క మాటతో ముగించడం పరిపాటి. అక్కడ ఉండాల్సింది లక్ష్యంలో వాడిన కొలతే, గడువు నాటి అంకెతో. పై పట్టికలో నొప్పి 8 నుంచి 6కి దిగింది, 4కి రాలేదు. అప్పుడు చర్యలను వెనక్కి తిరిగి చూడాలి. మందు సీసా ఇంకా ఎక్కుతుండగానే స్పైరోమీటరు చేతికిచ్చారని తేలితే లోపం దొరికినట్టే. ఇంజెక్షన్ పారాసిటమాల్ ఎక్కడానికే పావుగంట పడుతుంది, పూర్తి ప్రభావం కనిపించడానికి గంట దాకా పట్టవచ్చు. కాబట్టి మంచం దిగడం, గట్టిగా దగ్గడం మందు ఎక్కిన అరగంట, గంట తర్వాత చేయించాలని ప్లాన్ మారుస్తారు. అప్పటికీ 4కి రాకపోతే ఇంకేదైనా మందు కావాలేమో డాక్టరును అడగాలి. మర్నాడు 8 గంటలకు శ్వాస 20, ఆక్సిజన్ 96 ఉండి రోగి తనంతట తాను కఫం తీస్తుంటే మొదటి సమస్య లక్ష్యం అందినట్టు. గురగుర పూర్తిగా పోయేదాకా చర్యలు మాత్రం కొనసాగుతాయి.

గడువు కోసం ఆగకూడని సందర్భాలూ ఉంటాయి. మెత్తగా ఉన్న పొట్ట గట్టిపడినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా అది పొట్ట లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆక్సిజన్ 92కి దిగువకు జారినా, శ్వాస 30కి చేరినా అంతే అత్యవసరం. అప్పుడు ముందు డ్యూటీ డాక్టరుకు కబురు వెళ్లాలి, ఏ వేళకు ఏం చెప్పారో నోట్సులో పడాలి. రోగిని మళ్లీ పరిశీలించాక ప్లాన్‌ను కొత్తగా రాస్తారు.