రేకుల గోదామును గాలి ఎంత బలంగా లాగుతుంది?

తుపానులో రేకుల షెడ్డు దెబ్బతింటే కప్పు కూలిందంటాం. చాలాసార్లు అది కూలదు, పైకి లేచిపోతుంది. అర మిల్లీమీటరు రేకులు, వాటి కింది పర్లిన్లు కలిపినా చదరపు మీటరుకు పది పన్నెండు కిలోల బరువే. ఆ బరువు మీద నమ్మకం పెట్టుకోకూడదు.

విశాఖపట్నం శివార్లలో ఒక పరిశ్రమ గోదాము అనుకుందాం. వెడల్పు 20 మీటర్లు, పొడవు 40, చూరు ఎత్తు 6, కప్పు వాలు 10 డిగ్రీలు. ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. హైదరాబాదుకైతే 44. చుట్టూ అక్కడక్కడా చెట్లు, ఇళ్లు ఉన్న మైదానం కాబట్టి ఇది రెండో తరగతి ప్రదేశం, గుణకం 1. ఎదురుగా సముద్రమే ఉంటే 1.05 తీసుకోవాలి. తుపాను తీరంలోని పరిశ్రమ కట్టడానికి అదనంగా 1.15 ఉంది. దాంతో వేగం 57.5 మీటర్లు, అంటే గంటకు 207 కిలోమీటర్లు అవుతుంది. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,984 న్యూటన్ల పీడనం, సుమారు 200 కిలోలు.

ఈ పీడనం కప్పు మీద ఎటు పనిచేస్తుందో పీడన గుణకాలు చెబుతాయి. పొడవు గోడకు ఎదురుగా గాలి వీస్తే, గాలి వైపు వాలుకు గుణకం −1.2. మైనస్ అంటే పైకి లాగడం. షెడ్డు మూసి ఉన్నప్పుడు లోపలి నుంచి తోపు 0.2 కలిసి 1.4 అవుతుంది. అంటే చదరపు మీటరుకు 283 కిలోలు.

అసలు ప్రమాదం షట్టరు దగ్గర ఉంది. పొడవు గోడలో 5×5 మీటర్ల రోలింగ్ షట్టరు ఊడిపోతే ఆ గోడలో పది శాతం తెరుచుకున్నట్టే. గాలి లోపలికి దూరి, లోపలి గుణకం 0.5కి పెరుగుతుంది. మొత్తం 1.7, అంటే 344 కిలోలు. అందుకే షట్టరును, దాని గైడ్లను కూడా గాలికి లెక్కవేయాలి. అది కుదరకపోతే తెరిచి ఉన్నట్టే లెక్కగట్టాలని నా అభిప్రాయం.

చూరు అంచున 3 మీటర్ల పట్టీలో లాగుడు ఇంకా ఎక్కువ: −1.4. షట్టరు ఊడితే 384 కిలోలు. పర్లిన్లు మీటరున్నర దూరంలో, స్క్రూలు 30 సెంటీమీటర్లకొకటి ఉంటే ఒక్కో స్క్రూ మీద 173 కిలోలు పడతాయి. 20 సెంటీమీటర్లకొకటి వేస్తే 115కి తగ్గుతుంది. చాలా షెడ్లలో అంచున కూడా మధ్యలో వేసిన దూరంలోనే స్క్రూలు బిగిస్తారు. రేకు మొదట లేచేది అక్కడే.

తుపాను తర్వాత రేకు పోయి స్క్రూ పర్లిన్‌లోనే నిలిచి ఉంటే రేకు చిరిగిందని అర్థం. అప్పుడు పెద్ద వాషర్లు, మందపాటి రేకు కావాలి. స్క్రూ కూడా ఊడి వచ్చిందంటే పర్లిన్ పట్టు చాలలేదు. అక్కడ పర్లిన్ మందం పెంచాలి.