సెలవు చీటీ కాదు, ప్రమాద నోటీసు

పటాన్‌చెరు దగ్గర ఓ కంపెనీలో మెకానిక్‌ని ఊహించుకోండి. జీతం 18,000. రాత్రి పది గంటల షిఫ్టుకి బండి మీద వెళ్తుంటే తొమ్మిదిన్నరకి లారీ తగిలి తొడ ఎముక విరిగింది. తెల్లవారేసరికి భార్య ఐసీయూ బయట ఉంది, బావమరిది మందుల చీటీ పట్టుకుని తిరుగుతున్నాడు. అప్పుడు సూపర్‌వైజర్ ఫోన్ చేసి, పాపం మంచి మనసుతోనే, ‘ఒక లీవ్ లెటర్ పంపండి, నేను చూసుకుంటా’ అంటాడు. బావమరిది రాసేస్తాడు: ‘మా బావగారికి ఒంట్లో బాగాలేదు, రెండు నెలలు సెలవు ఇప్పించగలరు.’

నష్టం మొదలయ్యేది ఆ ఒక్క వాక్యంతోనే. నెల జీతం 21,000 దాటని ఈ ఉద్యోగి ఈఎస్‌ఐ పరిధిలో ఉంటాడు. ఒంట్లో బాగాలేదంటే ఈఎస్‌ఐ లెక్కలో అది అనారోగ్యం. రోజు వేతనంలో 70 శాతం ఇస్తారు, అదీ ఏడాదికి 91 రోజులకు మించదు. అదే ఉద్యోగ సంబంధమైన గాయంగా నమోదైతే 90 శాతం వస్తుంది, పనికి పనికిరాని కాలమంతా వస్తుంది. మన మెకానిక్‌కి రోజు వేతనం సుమారు 600. అరవై రోజులకి మొదటి లెక్కన 25,200, రెండో లెక్కన 32,400. డబ్బు తేడా ఒక్కటే కాదు. రేపు కాలు పూర్తిగా కుదరక కొంత వైకల్యం మిగిలిపోతే, దానికి నెలనెలా వచ్చే భృతి కూడా ఈ నమోదు మీదే ఆధారపడుతుంది.

ఫ్యాక్టరీ గేటు బయట, రోడ్డు మీద జరిగింది కదా, అది కంపెనీకేం సంబంధం అని చాలామంది అనుకుంటారు, కంపెనీ వాళ్లతో సహా. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూ, లేదా డ్యూటీ నుంచి ఇంటికి వస్తూ జరిగిన ప్రమాదాన్ని కూడా ఉద్యోగ గాయంగా చూడాలని 2010లో ఈఎస్‌ఐ చట్టంలో చేర్చారు. షరతు ఒక్కటే: ప్రమాదం జరిగిన వేళకీ చోటుకీ పరిస్థితులకీ ఉద్యోగంతో సంబంధం కనిపించాలి.

కాబట్టి ఉత్తరంలో ఆ సంబంధం కనిపించేలా రాయాలి. అతను స్పృహలో లేకపోతే అతని తరఫున మరొకరు సమాచారం ఇవ్వవచ్చని ఈఎస్‌ఐ నిబంధనల్లోనే ఉంది, కనుక బావమరిది రాసినా చెల్లుతుంది. ఇలా ఉంటే చాలు:

‘హెచ్‌ఆర్ మేనేజర్ గారికి. మీ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్న మా బావగారి తరఫున రాస్తున్నాను. ఆయన ఉద్యోగి నంబరు, ఈఎస్‌ఐ నంబరు కింద ఇస్తున్నాను. నిన్న రాత్రి పది గంటల షిఫ్టుకి ఇంటి నుంచి బయల్దేరి వస్తుండగా, సుమారు 9.30కి హైవే మీద లారీ తగిలింది. కుడి తొడ ఎముక విరిగింది, ఆసుపత్రిలో ఉన్నారు, మాట్లాడే స్థితిలో లేరు. దీన్ని ప్రమాద సమాచారంగా నమోదు చేసి, ఈఎస్‌ఐ కార్యాలయానికి ప్రమాద నివేదిక పంపవలసిందిగా కోరుతున్నాను. డాక్టరు కాగితాలు అందగానే పంపుతాను.’

తప్పెవరిదో ఇందులో లేదు, ఉండకూడదు కూడా. ‘నిద్రమత్తులో ఉన్నాడేమో’, ‘స్పీడుగా వెళ్లుంటాడు’ లాంటి ఊహలు ఆందోళనలో వచ్చేస్తాయి. చూడని మనిషి రాసిన ఆ మాట రేపు మోటారు ప్రమాద క్లెయిములో అవతలి లాయరు చేతికి దొరుకుతుంది. ఎన్ని రోజులు పడుతుందో కూడా మనం తేల్చకూడదు, అది డాక్టరు రాయాల్సిన మాట.

అబద్ధం మాత్రం రాయకండి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు మెడికో లీగల్ రిజిస్టరులో వేళ, చోటు రాసుకుంటారు. పోలీసుల ఎఫ్‌ఐఆర్‌లోనూ అవి ఉంటాయి. అతను దారి తప్పి చుట్టాలింటికి వెళ్లి వస్తుండగా జరిగితే, ‘డ్యూటీకి వస్తూ’ అని రాసిన ఉత్తరం ఈ రెంటితో సరిపోలదు. చేర్చుకునే కౌంటరులో చెప్పే మాటా, ఉత్తరంలో రాసే మాటా ఒకటే కావాలి. కౌంటరులో ఎవరో కంగారులో తప్పు చెప్పి ఉంటే, మొదటి రోజే దిద్దించుకోవాలి.

వాట్సాప్‌లో ముందు కబురు పెట్టడం మంచిదే, కానీ అక్కడితో ఆగకండి. అదే విషయాన్ని ఈమెయిల్‌లో పంపండి, లేదా కాగితం మీద రాసి కంపెనీలో ఇచ్చి, జిరాక్సు మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినట్టయితే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి కూడా వెంటనే చెప్పాలి. డబ్బులకి ఆధారమయ్యేది ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్.

వారం పదిరోజుల్లో హెచ్‌ఆర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ప్రమాద నివేదిక వెళ్లిందా, దాని కాపీ ఇస్తారా? ‘చూస్తున్నాం’ అన్న జవాబే వస్తుంటే, కాపీ చేతిలో పట్టుకుని నేరుగా ఈఎస్‌ఐ బ్రాంచి కార్యాలయానికి వెళ్లండి.